పేరు రాసుకున్నవాళ్లలో కొనేవాళ్లెందరు? అనంతపురం గానుగ నూనెతో ఒక వెయిట్‌లిస్ట్ లెక్క

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కట్టిన కియా ఫ్యాక్టరీ నుంచి ఆ కంపెనీ మొదటి కారు సెల్టోస్ 2019 ఆగస్టు 22న మార్కెట్లోకి వచ్చింది. బుకింగులు మాత్రం జూలై 16నే తెరిచారు. 25 వేల రూపాయలు కట్టి పేరు రాయించుకోవాలి. కారు ధర ఎంతో అప్పటికింకా ప్రకటించలేదు. అయినా మొదటి రోజే ఆరు వేలకు పైగా బుకింగులు పడ్డాయి.

ఈ కథ విన్న చిన్న వ్యాపారులు ఎక్కువగా ఆ ఆరు వేల దగ్గరే ఆగిపోతారు. తమ కొత్త సరుకుకూ అలాంటి పెద్ద అంకె కావాలనుకుని, మూడు నాలుగు నెలల ముందే 'త్వరలో వస్తోంది' అని పోస్టర్ వేసి, ఫోన్ నంబర్లు పోగేయడం మొదలుపెడతారు. కియా నుంచి నేర్చుకోవలసినవి అంతగా కనబడని మరో రెండు విషయాలు. పేర్లు రాసుకోవడానికీ అమ్మకానికీ మధ్య ఐదు వారాలే ఉంచారు. పేరు రాయించుకున్న మనిషి చేత జేబులోంచి డబ్బు తీయించారు. ధర చెప్పకుండా బుకింగులు తీసుకోవడం మాత్రం చిన్నవాళ్లు అనుకరించకూడదు. కారు కొనేవాడికి పోటీ కార్ల ధరలు తెలుసు, కొత్త కారు ఎంతలో ఉంటుందో అంచనా వేసుకోగలడు. ఊరూ పేరూ తెలియని కొత్త బ్రాండ్ విషయంలో ఆ అంచనాకు ఆధారమే ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అనంతపురంలో ఒక చిన్న యూనిట్ వేరుశనగ నూనెను కట్టె గానుగలో ఆడించి సీసాల్లో అమ్మాలనుకుంటోంది. కొత్త పంట కాయతో తీసిన నూనె అన్నదే దాని ప్రత్యేకత. కింద వచ్చే జనం లెక్కలు, ధరలు ఊహించుకున్నవే. గానుగ పని తీరు మాత్రం ఉన్నదే.

లెక్క గానుగ దగ్గర మొదలవ్వాలి. మోటారుతో తిరిగే ఒక కట్టె గానుగలో వాయికి 12 కిలోల గింజలు పోస్తే సుమారు ఐదు లీటర్ల నూనె వస్తుంది, అంటే లీటరుకు దాదాపు రెండున్నర కిలోల గింజలు. రోజుకు నాలుగు వాయిలు ఆడితే 20 లీటర్లు. ఆడిన నూనెను అలాగే సీసాలో పోస్తే అడుగున మడ్డి కనబడి కొన్నవాళ్లు కంగారు పడతారు. అందుకని రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి తేరనివ్వాలి. వారానికి ఆరు రోజులు పనిచేసినా 120 లీటర్లకు మించి రాదు. వెయిట్‌లిస్ట్ ఎంత పెద్దదిగా ఉండాలో తేల్చేది ఈ 120. ఐదు వేల మంది పేర్లు రాసుకుని 120 లీటర్లు చేతిలో పెట్టుకుంటే, ఆ ప్రచారం చేసిందల్లా వేల మందికి 'అయిపోయింది' అని చెప్పడమే.

తేదీని నిర్ణయించేది పంట. ఈ జిల్లాలో వర్షాధారంగా జూన్, జూలైలో వేసిన వేరుశనగ అక్టోబరు నుంచి చేతికొస్తుంది. కాయను ఎండబెట్టి, ఒలిపించి, పుచ్చులూ ముడతలూ ఏరి గానుగకు చేర్చేసరికి నవంబరు అవుతుంది. కాబట్టి అమ్మకం నవంబరు 22న అనుకుంటే పేర్లు రాసుకోవడం అక్టోబరు 18న మొదలుపెడితే చాలు. రాయలసీమ రైతు వాన పడ్డాక పదును ఆరకముందే విత్తనం వేస్తాడు. జాబితాకూ అలాంటి పదునే ఉంటుంది. ఆగస్టులో పేరు ఇచ్చిన మనిషికి నవంబరులో మెసేజ్ వెళితే, ఈ నంబరు ఎవరిదో, తాను దేనికి పేరిచ్చాడో కూడా గుర్తుండదు. అమ్మకపు తేదీ ఇంకా తేలలేదంటే జాబితా తెరిచే సమయం రాలేదన్నమాట.

తేదీ తేల్చేముందు చూసుకోవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. ఆహార సరుకు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి. దాని 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి కాబట్టి నంబరు చేతికొచ్చేదాకా లేబుళ్లు అచ్చుకు వెళ్లవు. లేబుల్ రాకపోతే సీసా బయటికి వెళ్లదు. గానుగ సిద్ధంగా ఉండి, కాయ సిద్ధంగా ఉండి, లేబుల్ కోసం అమ్మకం ఆగిపోవడం కంటే సులువుగా తప్పించగల ఆలస్యం ఇంకొకటి లేదు.

పేర్లు ఎక్కడ రాసుకోవాలి? ఈ స్థాయి వ్యాపారానికి వెబ్‌సైట్ అవసరం లేదు, వాట్సాప్ బిజినెస్ యాప్ సరిపోతుంది. చేయవలసిన తెలివైన పని ఒకటుంది: ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసేలా ఒక్కో చోటికి ఒక్కో లింకు తయారుచేసుకోవడం. టవర్‌క్లాక్ దగ్గరి దుకాణంలో పెట్టే క్యూఆర్ కోడ్‌కు ఒకటి, జేఎన్‌టీయూ వైపు పెట్టేదానికి ఒకటి, బెంగళూరులో ఉంటున్న అనంతపురం వాళ్ల గ్రూపుల్లో వేయడానికి ఒకటి.

```
https://wa.me/91XXXXXXXXXX?text=NUNE-TOWER
https://wa.me/91XXXXXXXXXX?text=NUNE-JNTU
https://wa.me/91XXXXXXXXXX?text=NUNE-BLR
```

స్కాన్ చేయగానే ఆ మాట టైప్ అయి సిద్ధంగా ఉంటుంది, పంపితే చాలు. వచ్చిన ప్రతివాళ్లకూ యాప్‌లోని లేబుల్ తగిలిస్తే, ఏ దారిలో వచ్చినవాళ్లు చివరికి కొన్నారో నెల తర్వాత స్పష్టంగా కనబడుతుంది. బెంగళూరు లింకు నుంచి వంద మందే వచ్చి అందులో నలభై మంది కొనొచ్చు, టవర్‌క్లాక్ నుంచి మూడు వందల మంది వచ్చి ముప్పై మందే కొనొచ్చు. రెండో విడతకు పోస్టర్ ఎక్కడ పెట్టాలో అప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది బోర్లాపడే చోటు ఒకటుంది. వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందినే పెట్టగలం. అంతకంటే ముఖ్యమైన సంగతి, పంపినవాళ్ల నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. సేవ్ చేసుకోనివాళ్లకు అసలు వెళ్లదు, వెళ్లలేదన్న సంగతి పంపినవాళ్లకూ వెంటనే తట్టదు. ఆరు వందల మందికి చెప్పామని యజమాని అనుకుంటూ ఉంటాడు, అందింది మూడు వందల మందికే. అందువల్ల పేరు ఇవ్వగానే ఆటోమేటిక్‌గా వెళ్లే మొదటి జవాబులో థాంక్స్ కంటే ముందు ఉండాల్సిన వాక్యం ఇది: 'ఈ నంబరును గానుగ నూనె అని సేవ్ చేసుకోండి, లేకపోతే అమ్మకం కబురు మీకు చేరదు.' ప్రతి బ్రాడ్‌కాస్ట్ తర్వాత మెసేజ్ ఇన్ఫోలో ఎందరికి చేరింది, ఎందరు చదివారు అన్నది చూడాలి. చేరని నంబర్లకు విడిగా ఒక్కసారి రాయొచ్చు. రెండోసారి రాస్తే బ్లాక్ చేసే అవకాశమే ఎక్కువ.

ఇక ఉత్సాహం నిలబెట్టే సంగతి. ఐదు వారాలూ రోజుకో పోస్టర్ పంపితే జనం చాట్‌ను మ్యూట్ చేస్తారు. ఐదు వారాలూ మౌనంగా ఉంటే మరచిపోతారు. వారానికి ఒకటి, అరుదుగా రెండు మెసేజ్‌లు సరిపోతాయి. అయితే ప్రతి మెసేజ్‌లో నిజంగా జరిగిన ఒక పని ఉండాలి. నూనెకు ఉన్న అదృష్టం ఏమిటంటే, పని దానంతటదే వారం వారం ముందుకు కదులుతూ ఉంటుంది. చెట్టు పీకడం, కాయ ఎండబెట్టడం, ఒలిపించడం, మొదటి వాయి ఆడించడం. ఫోన్‌తో తీసిన అరనిమిషం వీడియో చాలు. కళ్లంలో కాయ గలగలలాడే చప్పుడు వినబడితే, డిజైనర్ చేత వేయించిన పోస్టర్ కంటే అదే ఎక్కువ మంది చూస్తారు. స్టేటస్‌లో పెడితే ఒక్కరోజే ఉంటుంది కాబట్టి అక్కడ రోజూ చిన్న చిన్నవి పెట్టుకున్నా ఎవరికీ విసుగనిపించదు. నేరుగా ఇన్‌బాక్స్‌కు వెళ్లేదాన్ని మాత్రం పొదుపుగా వాడాలి.

రెండో వారంలో వాళ్లను ఒక ప్రశ్న అడగాలి. 'మా నూనె గురించి మీకెలా అనిపిస్తోంది?' లాంటి ప్రశ్న వేస్తే ఎవరూ పట్టించుకోరు. జవాబును బట్టి యూనిట్ ఒక నిర్ణయం తీసుకునే ప్రశ్న కావాలి. ఉదాహరణకు, మొదటి విడతలో అర లీటరు సీసాలా, లీటరు సీసాలా, ఐదు లీటర్ల డబ్బాలా? ఎక్కువ మంది లీటరు అన్నారనుకుందాం. మరుసటి వారం మెసేజ్‌లో 'మీలో ఎక్కువ మంది లీటరే అడిగారు, అందుకని మొదటి విడతకు లీటరు సీసాలే ఆర్డరిచ్చాం' అని చెప్పాలి. అడిగి, జవాబు తీసుకుని, ఏం చేశారో చెప్పకుండా వదిలేస్తే తర్వాతి ప్రశ్నకు స్పందన పడిపోతుంది. ఈ ప్రశ్న వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది. జవాబిచ్చినవాళ్లే అసలు జాబితా. మిగతావాళ్లు ఉట్టి నంబర్లు.

మూడో వారంలో ధర చెప్పేయాలి. దీని మీద వ్యాపారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ధరను చివరిదాకా దాచితే ఆసక్తి పెరుగుతుందని కొందరంటారు. రిఫైన్డ్ నూనె ప్యాకెట్‌కూ గానుగ నూనెకూ ధరలో ఉన్న తేడా చూస్తే ఆ వాదన నిలవదు. ఆ తేడా చూసి ఉలిక్కిపడే మనిషి అమ్మకం రోజున ఉలిక్కిపడితే చాట్ మూసేసి వెళ్లిపోతాడు. రెండు వారాల ముందు ఉలిక్కిపడితే ఆలోచించుకుంటాడు, ఇంట్లో అడుగుతాడు. పైగా ధర వెనుక లెక్కను విప్పి చెప్పే వీలుంటుంది. కిలో గింజలు 130 రూపాయలనుకుంటే లీటరుకు పట్టే రెండున్నర కిలోలకే 325 అవుతుంది. ఆ మీద ఆడించే కూలి, కరెంటు, సీసా, లేబుల్. మిగిలిన చెక్క పశువుల దాణాకు అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. అన్నీ కలిపి 400 దగ్గర తేలుతుంది. ఇలా విప్పి చెప్పాక కొంతమంది తప్పుకుంటారు. తప్పుకోనివ్వాలి.

నాలుగో వారం అడ్వాన్స్. యాభై రూపాయలు యూపీఐ ద్వారా తీసుకుని, బిల్లులో తగ్గించాలి. వద్దనుకుంటే ఎప్పుడైనా తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. యాభై రూపాయలతో యూనిట్‌కు ఒరిగేది పెద్దగా లేదు. కానీ 'నాకో సీసా పక్కన పెట్టండి' అనడానికీ యాభై రూపాయలు పంపడానికీ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. లెక్క ఇలా ఉండొచ్చు: పేరిచ్చినవాళ్లు 600 మంది, నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు 380, సీసా సైజు ప్రశ్నకు జవాబిచ్చినవాళ్లు 210, అడ్వాన్స్ కట్టినవాళ్లు 120. మనిషికి సగటున లీటరున్నర అడిగితే 180 లీటర్లు కావాలి. రోజుకు 20 లీటర్ల గానుగకు అది తొమ్మిది రోజుల పని. ఆరు వందలను చూసి గింజలు కొని ఉంటే డబ్బంతా సరుకులో ఇరుక్కునేది, నూనె డబ్బాల్లో పాతబడేది. 120ని చూసి కొంటే నాలుగున్నర క్వింటాళ్ల గింజలతో సరిపోతుంది.

నూట ఎనభై లీటర్లూ ఒకే రోజు ఇవ్వాలని పట్టుబట్టడం దండగ. మొదట అడ్వాన్స్ కట్టిన అరవై మందికి మొదటి విడత, మిగతా అరవై మందికి వారం తర్వాత రెండో విడత అని నాలుగో వారంలోనే చెప్పేయాలి. రెండో విడతలో ఉన్నవాళ్లు బాధపడతారేమో అన్న భయం అనవసరం. తమ వంతు ఏ తేదీన వస్తుందో తెలిసిన మనిషి ఓపిక పడతాడు. అదీకాక మొదటి విడతవాళ్లు వండుకుని ఇరుగుపొరుగుతో మాట్లాడే ఆ వారం యూనిట్‌కు ఖర్చులేని ప్రచారం.

స్నేహితులను చేర్పిస్తే వరసలో ముందుకు జరుపుతామనే పద్ధతి పెద్ద కంపెనీల వెయిట్‌లిస్ట్‌లలో బాగా కనబడుతుంది. చిన్న ఊళ్లో దీన్ని జాగ్రత్తగా వాడాలి. బహుమతి పెట్టగానే ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటి నుంచీ పేర్లు వస్తాయి, జాబితా ఉబ్బుతుంది, అమ్మకం పెరగదు. చేరినవాళ్లు సైజు ప్రశ్నకు జవాబిస్తేనే లెక్కలోకి తీసుకుంటామంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

'ఇంకా పది సీసాలే మిగిలాయి' అనే అబద్ధం ఇంకా పాత అలవాటు. కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడలను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. వాటి మీద 2023 నవంబరులో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాల్లో ఆన్‌లైన్‌లో ఇలా లేని తొందర సృష్టించడం కూడా ఉంది, అది తప్పు. చట్టం సంగతి అటుంచినా, ఇంత చిన్న మార్కెట్లో ఆ పది సీసాలు మరుసటి రోజు దుకాణంలో యాభై సీసాలుగా కనబడతాయి. నిజంగా ఉన్న కొరతను, అంటే రోజుకు 20 లీటర్లే ఆడగలమన్న సంగతిని, ఉన్నదున్నట్టు చెబితే అంతకంటే బలంగా పనిచేస్తుంది.

అసలు పరీక్ష, అమ్మకం తేదీ వెనక్కి జరిగినప్పుడు వస్తుంది. నవంబరు మొదట్లో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాయనుకుందాం. కాయ ఆరలేదు. తడి కాయను తొందరపడి నిల్వచేస్తే బూజు పడుతుంది, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది. వారం ఆగక తప్పదు. అప్పుడు చేయగలిగిన చెత్త పని, చివరి రోజు దాకా నోరు మెదపకపోవడం. రెండో చెత్త పని 'కొన్ని అనివార్య కారణాల వల్ల వాయిదా' అని రాయడం. సంగతి తెలిసిన రోజునే, తడిసిన కళ్లం వీడియోతో సహా, కారణం చెప్పి, కొత్త తేదీ ఇచ్చి, అడ్వాన్స్ కావాలన్నవాళ్లకు ఆరోజే వెనక్కి పంపుతామని రాయాలి. కొత్త తేదీలో నాలుగైదు రోజుల వెసులుబాటు కలుపుకోవాలి. జనం ఒక వాయిదాను వాన ఖాతాలో వేస్తారు. రెండోదాన్ని యజమాని ఖాతాలో వేస్తారు.

జాబితా చల్లబడుతోందని ఎలా తెలుస్తుంది? మెసేజ్ చేరిన సంఖ్య అలాగే ఉండి చదివిన సంఖ్య తగ్గుతుంటే మ్యూట్ చేస్తున్నారని అర్థం. చదువుతూ ప్రశ్నలకు జవాబు ఇవ్వకపోతే మెసేజ్‌లలో కొత్త సంగతి లేదని అర్థం. వీటికంటే నమ్మదగిన గుర్తు ఇంకొకటుంది. ఎవరూ అడగకుండానే 'అన్నా, నూనె ఎప్పుడొస్తుంది?' అని వచ్చే మెసేజ్‌లు వారానికి ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. చాలామంది యజమానులకు ఆ మెసేజ్‌లంటే చిరాకు, టెన్షన్. నిజానికి చూసుకోవలసింది వాటినే. మూడో వారంలో పదిహేను ఉండి, నాలుగో వారంలో రెండుకు పడిపోతే, అడ్వాన్స్ లింకు పంపేముందు ఒక ఆడించే వీడియో పంపాలి. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి ఏమైందో అడిగినా ఫలితం ఉంటుంది. ధర కుదరలేదో, ఇంట్లో నూనె ఇప్పుడే తెచ్చుకున్నారో చెబుతారు. నూనె లాంటి సరుకుకు రెండో జవాబు మామూలే. నెల మొదట్లో సామాను తెచ్చుకునే ఇళ్లకు 22వ తేదీ నప్పకపోవచ్చు. అలాంటివాళ్లను రెండో విడతలోకి జరిపితే నవంబరు 29 వస్తుంది, అది వాళ్ల కొత్త నెల సామానుకు దగ్గర.

అమ్మకం రోజున అరవై మందికీ ఒకేసారి కబురు పెడితే ఒక్క ఫోన్ పట్టుకున్న మనిషి జవాబులు చెప్పలేక చేతులెత్తేస్తాడు. ఇరవై మంది చొప్పున ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పంపితే ప్రతివాళ్లకూ పది నిమిషాల్లో జవాబు అందుతుంది. అడ్రసు, మిగతా డబ్బు, తీసుకునే చోటు అనే మూడింటికి క్విక్ రిప్లైలు ముందే రాసిపెట్టుకోవాలి. బెంగళూరు పార్సిళ్లు ఒకరోజు ముందు కదలాలి, ఆ సీసాలను మూత బిగించి ఒక రాత్రి బోర్లా పెట్టి కారడం లేదని చూసుకోవాలి. కారిన నూనె అట్టపెట్టెను నానబెడితే పక్కవాళ్ల పార్సిల్ గొడవ కూడా మెడకు చుట్టుకుంటుంది. ఇంకొకటి, దుకాణాలకు సరుకు రెండు విడతలూ అయ్యాకే వెళ్లాలి. ఐదు వారాలు ఎదురుచూసి, అడ్వాన్స్ కట్టిన మనిషికి తన సీసా రాకముందే సప్తగిరి సర్కిల్‌లో అదే సీసా కనబడితే అతను మళ్లీ ఏ జాబితాలోనూ చేరడు.

ఇక జాబితాలో మిగిలిపోయిన నాలుగు వందల ఎనభై మంది. వాళ్లకు అడ్వాన్స్ లేకుండా మామూలు అమ్మకం కబురు ఒక్కసారి పంపొచ్చు, ఎందుకంటే వాళ్లు నంబరు ఇచ్చిందే ఆ నూనె కోసం. అదే నంబర్లకు రేపు పచ్చళ్ల ప్రకటనలు పంపడం, ఇంకొకరికి జాబితా అమ్మేయడం వేరే సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఏ పనికి ఒప్పుకుని ఇచ్చారో ఆ పనికే వాడాలి. ఆ ఒక్క మెసేజ్‌కూ పలకనివాళ్లను డిసెంబరులో తీసేసి, కొన్న నూట ఇరవై మందితో, కొత్తగా అడిగినవాళ్లతో వచ్చే పంటకు కొత్త జాబితా మొదలుపెట్టుకోవచ్చు.